పెరిప్లస్ పాఠానికి ఖాళీ పటం, పైన జవాబు ఫిల్ము: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ప్రాచీన భారత చరిత్ర చెబుతాను. అందులో క్రీ.శ. మొదటి శతాబ్దపు సముద్ర వాణిజ్యం పాఠానికి ప్రధాన ఆధారం ‘పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ’ అనే గ్రీకు నావికుల కరదీపిక. ఈ ఒక్క పాఠాన్ని ఖాళీ పటంగా, దానిమీద పరిచి దిద్దే పారదర్శక జవాబు ఫిల్ముగా మార్చి ఏళ్లుగా వాడుతున్నాను. పటం గీయడానికి క్యూజీఐఎస్, చుక్కలూ గీతలూ పెట్టడానికి ఇంక్‌స్కేప్, ముద్రించడానికి బాలాజీ కాలనీ వైపు జెరాక్స్ షాపులో లేజర్ ప్రింటర్, ఓహెచ్‌పీ షీట్లు. రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. ఈ పద్ధతి రేవుల్ని దిద్దడానికి బాగుంది. దారుల్ని దిద్దడానికి ఇంకా బాగుంది, కాకపోతే జవాబుగా ఒక గీత ఇస్తే చాలదు. సరుకుల విషయంలో మాత్రం నాకు ఉపయోగపడలేదు.

ముందు పాఠాన్ని పటానికి తగ్గట్టు విడగొట్టాలి. ఫోన్‌లో రికార్డు చేసిన పాఠాన్ని వింటూ, ప్రతి పేరు పక్కన అది చుక్కా, గీతా, ప్రాంతమా అని రాసుకుంటాను. ఎర్ర సముద్రపు రేవులు బెరనికె, అదులిస్, గుజరాత్ తీరపు బరిగజ, కేరళలోని ముజిరిస్ చుక్కలు. బరిగజ నుంచి మహారాష్ట్రలోని పైఠన్‌కు, అక్కడి నుంచి తగరకు బళ్ల దారి గీత. లిమిరికె అని ఆ గ్రంథం పిలిచే కేరళ తీరం ప్రాంతం. ‘జూలైలో ఓడ ఎత్తాలి’ అన్న మాట చుక్కా కాదు, గీతా కాదు. అలాంటివి పటం కింద రాతప్రశ్నలవుతాయి. ఈ పని కాగితం మీద తేల్చుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే, పటం అందంగా వస్తుంది కానీ పాఠం అందులో ఉండదు.

పటానికి నేచురల్ ఎర్త్ వారి ఉచిత దత్తాంశం తీసుకుంటాను. `ne_50m_coastline`, దానికి తోడు నదుల ఫైలు, అంతే. దేశాల సరిహద్దుల పొర వేయను. మొదటి శతాబ్దపు పటానికి అవి అవసరం లేదు, పైగా విదేశీ ఫైళ్లలో మన సరిహద్దులు మన అధికారిక పటంలో ఉన్నట్టు ఉండవు. సరస్సుల పొర కూడా వద్దు. అది వేస్తే 1970లో పూర్తయిన అస్వాన్ హై డ్యామ్ వెనకాల ఏర్పడిన నాసర్ జలాశయం, రోమన్ కాలపు ఈజిప్టులో వచ్చి కూర్చుంటుంది.

పటం హద్దులు 25 నుంచి 95 డిగ్రీల తూర్పు రేఖాంశం, 0 నుంచి 35 డిగ్రీల ఉత్తర అక్షాంశం. క్యూజీఐఎస్‌లో అక్షాంశ రేఖాంశాల్ని డిగ్రీల్లో వాడే EPSG:4326 పద్ధతి పెట్టి, ప్రింట్ లేఅవుట్‌లో పటం కొలత 280 × 140 మిల్లీమీటర్లు ఇస్తే, డిగ్రీకి సరిగ్గా 4 మిల్లీమీటర్లు వస్తుంది. అడ్డంగా పెట్టిన ఏ4 కాగితంలో ఎడమ 8.5, పైన 20 మిల్లీమీటర్లు వదిలితే, కింద ప్రశ్నలకు చోటు మిగులుతుంది. డిగ్రీకి నిండు అంకె ఎంచుకోవడం వల్ల ఒక పెద్ద సుఖం ఉంది. ఏ రేవునైనా కంటితో అంచనా వేయకుండా లెక్కతో పెట్టవచ్చు.

```
x = 8.5 + (lon - 25) * 4
y = 20 + (35 - lat) * 4
```

ముజిరిస్‌ను చూద్దాం. ఎక్కువమంది పండితులు గుర్తించిన పట్టణం గ్రామం సుమారు 10.15 ఉత్తరం, 76.2 తూర్పు. అంటే x 213.3, y 119.4. ఇక్కడ ఇంక్‌స్కేప్‌లో ఒక చిక్కుంది. పైన కనిపించే X, Y గళ్లు వలయం కేంద్రానివి కావు, దాన్ని చుట్టిన పెట్టె ఎడమ పై మూలవి. 3 మిల్లీమీటర్ల చుక్క అయితే రెండింట్లోనూ 1.5 తీసేసి 211.8, 117.9 అని కొట్టాలి. చుక్కకు అంచుగీత ఉంటే ఆ మందం కూడా పెట్టెలో కలుస్తుంది కాబట్టి అంచు తీసేసి రంగు మాత్రమే నింపాలి. ఈ తేడా ఉన్న పటంలో చుక్కలన్నీ ఒకే వైపు, కుడికీ కిందికీ, జరిగి ఉంటాయి. అలా కనిపిస్తే కారణం ఇదేనని వెంటనే పట్టుకోవచ్చు.

ప్రశ్నపత్రంలో ఒకే ఒక్క ఊరు అచ్చు వేసి ఇస్తాను: తిరుపతి. ప్రాచీన రేవులతో దానికి సంబంధం లేదు. కానీ పిల్లలకు తాము ఎక్కడున్నదీ తెలిస్తే తూర్పు తీరం దారికొస్తుంది. పుదుచ్చేరి పక్కన 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించిన అరికమేడు, అంటే చాలామంది పొదుకె అని గుర్తించే రేవు, మన ఊరికి దాదాపు నేరుగా దక్షిణంగా 7 మిల్లీమీటర్ల కింద పడుతుంది. రెండోసారి పరీక్ష పెట్టేటప్పుడు ఆ చుక్క తీసేస్తాను. లేకపోతే పిల్లలు తీరాన్ని చూడడం మానేసి తిరుపతి నుంచి కొలవడం మొదలుపెడతారు.

ఏం అడగవచ్చో, ఏం అడగకూడదో స్కేలే చెబుతుంది. ఈ పటంలో ఒక మిల్లీమీటరు దాదాపు 28 కిలోమీటర్లు. పెన్సిల్ చుక్క 4 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న వలయం లోపల పడితే మార్కు ఇస్తాను. పైఠన్, తగర (నేటి తేర్) మధ్య దూరం పటం మీద అయిదున్నర మిల్లీమీటర్లే, వలయాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. అరికమేడు, కావేరిపూంపట్టణం మధ్య మరీ 3 మిల్లీమీటర్లు. ఈ పటం మీద వాటిని విడివిడిగా అడగడం పిల్లలకు అన్యాయం. అందుకే దక్షిణాదికి వేరే షీటు, డిగ్రీకి 15 మిల్లీమీటర్ల లెక్కన. అందులో ఆ రెండు రేవుల మధ్య 11 మిల్లీమీటర్లు వస్తుంది, వలయాలు విడిపోతాయి.

ఇక దారులు. నా దృష్టిలో ఈ పద్ధతికి అసలు విలువ తెచ్చేది ఇదే. ఎర్ర సముద్రం నుంచి ముజిరిస్‌కు దారి గీయమంటే క్లాసులో సగానికి పైగా పిల్లలు అరేబియా, మక్రాన్, సింధు ముఖద్వారం, గుజరాత్, కొంకణం మీదుగా తీరాన్ని అంటిపెట్టుకుని గీస్తారు. ఫిల్ము మీద ఒకే గీత వేసి ‘ఇదీ జవాబు’ అంటే, సముద్రం మధ్యలో అయిదు మిల్లీమీటర్లు అటుగా గీసిన మంచి పిల్లవాడు కూడా తప్పయిపోతాడు. నిజానికి ఆ ఓడ ఏ గీత మీద వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. అందుకని గీత బదులు గేట్లు పెట్టాను.

మొదటి గేటు బాబ్ అల్ మందబ్ జలసంధి. రెండోది 60 డిగ్రీల రేఖాంశం మీద నిలువు పట్టీ. దాంట్లో రెండు కిటికీలు ఉంటాయి. 9 నుంచి 16 డిగ్రీల మధ్యది ముజిరిస్‌కు పోయేవారిది, 16 నుంచి 21 మధ్యది బరిగజకు పోయేవారిది. మూడోది చేరాల్సిన రేవు వలయం. గీత మూడు గేట్లూ దాటితే మార్కు, మధ్యలో ఎలా వంగినా పర్లేదు. కిటికీల కొలతలు నావే, ప్రాచీన గ్రంథంలో ఇలాంటి డిగ్రీలు ఉండవు. కానీ బరిగజకు పోయే ఓడలు అరేబియా తీరాన్ని కొంతదూరం పట్టుకుని తరువాత సముద్రంలోకి తిరిగేవని, కేరళకు పోయేవి ఇంకా ముందే తీరం వదిలేవని పెరిప్లస్ చెబుతుంది. కిటికీలు రెండు కావడానికి ఆధారం అదే. తీరం వెంట గీసినవాళ్ల గీత 60 డిగ్రీల దగ్గర 25వ అక్షాంశం చుట్టుపక్కల దాటుతుంది. ఫిల్ము పరవగానే ఆ తేడా కళ్లముందు నిలబడుతుంది.

ఒక అమ్మాయి అడిగింది, “సార్, తీరం పట్టుకుని పోతే తప్పేముంది సార్? మునగకుండా పోవచ్చు కదా?” మంచి ప్రశ్న. పూర్వం చిన్న ఓడల్లో అలాగే అఖాతాలు చుట్టి వెళ్లేవారని పెరిప్లస్‌లోనే ఉంది. హిప్పలస్ అనే నావికుడి పేరుతో చెప్పే నైరుతి గాలిని పట్టుకున్నాక నడిసముద్రం దాటడం వచ్చింది. అప్పటి నుంచి ఆ అమ్మాయి ప్రశ్ననే పటం కింద రాతప్రశ్నగా పెడుతున్నాను: తీరం దారి ఏ కాలానిది, ఎందుకు మారింది? జూలైలో ఈజిప్టు వదిలితే నైరుతి గాలి జోరు తగ్గే వేళకు మన తీరం చేరవచ్చని, తిరుగు ప్రయాణం శీతకాలపు ఈశాన్య గాలి మీదని రాస్తే పూర్తి మార్కులు.

ముద్రణ దగ్గరే ఎక్కువ ఇబ్బందులు వస్తాయి. పత్రానికీ ఫిల్ముకీ ఒకే చోట రెండు ఎదురు మూలల్లో కూడిక గుర్తులు, కింద 100 మిల్లీమీటర్ల కొలతగీత పెట్టాను. షాపులో “ఫిట్ వద్దన్నా, Actual size పెట్టు” అని చెప్పి, మొదటి కాగితం రాగానే స్కేలుతో కొలతగీతను చూస్తాను. 97 వస్తే ఫిట్ ఆన్‌లో ఉన్నట్టే. అలా వదిలేస్తే 280 మిల్లీమీటర్ల పటంలో ఈ చివరికీ ఆ చివరికీ 8 మిల్లీమీటర్లు తేడా, అంటే బెరనికె సరిపోయినా అరికమేడు వలయం దాటిపోతుంది. ఇంకో సంగతి, ప్రశ్నపత్రాన్ని ఒకటి ప్రింటు తీసి మిగతావి జెరాక్స్ చేస్తే కొన్ని మెషీన్లు పరిమాణాన్ని కాస్త మారుస్తాయి. ఒక్క శాతం మారినా దాదాపు 3 మిల్లీమీటర్లు. ఇలాంటప్పుడు ఫిల్మును కూడా అదే మెషీన్‌లో, అదే విధంగా తీయించాలి.

ఫిల్ము కొనేటప్పుడు అట్ట మీద లేజర్ అని ఉందో లేదో చూడాలి. ఇంక్‌జెట్ ఫిల్ము లేజర్ మెషీన్ వేడికి కరిగి రోలరుకు చుట్టుకుంటుంది, షాపువాడి మెషీన్ పాడవుతుంది. మా ఎండల్లో ఫిల్ములు ఒకదానిమీద ఒకటి పేరిస్తే టోనరు అంటుకుంటుంది, అందుకని మధ్యలో బటర్ పేపరు పెడతాను. అలా దాచినవి బాగానే నిలుస్తున్నాయి, మూలల్లో మాత్రం గీతలు పడ్డాయి. ప్రతి బెంచీకి ఒక ఫిల్ము సరిపోతుంది. రేవుల పొర, దారుల పొర వేర్వేరు ఫిల్ములుగా తీయిస్తాను. ముందు రేవులు దిద్దుకుని తప్పుల్ని సరిచేసుకున్నాకే దారుల ఫిల్ము చేతికి ఇస్తాను. ఇంక్‌స్కేప్‌లో ఒక్కో పొర కంటిబొమ్మ నొక్కి దాచి, మిగిలినదాన్ని పీడీఎఫ్‌గా ఎగుమతి చేస్తే చాలు.

సరుకులకు మూడో ఫిల్ము కూడా చేసి చూశాను. ముజిరిస్ నుంచి మిరియాలు, అరేబియా దక్షిణ తీరపు కనె నుంచి సాంబ్రాణి, పైఠన్ నుంచి ఓనిక్స్ రాళ్లు, తగర నుంచి నూలు బట్టలు అని బాణాలు గీయమంటే పటమంతా గీతల చిక్కుముడి అయిపోయింది. బాణం మొన మిల్లీమీటరు అటు పడితే మిరియాలు తెలియనట్టా? ఆ భాగానికి మామూలు పట్టికే మేలు. ఇప్పుడు సరుకుల్ని పటం వెనకవైపు పట్టికగా అడుగుతున్నాను.

స్థలం తేలని రేవుల్ని చుక్కలుగా అడగకూడదు. తూర్పు తీరంలో పెరిప్లస్ పేర్కొన్న కమర, సోపత్మ, సింధు ముఖద్వారంలోని బార్బరికాన్ ఇలాంటివి. సింధు డెల్టా అప్పటినుంచి ఎంతో మారింది, నేటి తీరరేఖ మీద ఒక చుక్క పెట్టి ఇదే బార్బరికాన్ అనలేం. వాటికి ఫిల్ము మీద చుక్కల గీతతో పొడవాటి పట్టీ గీశాను. పిల్లలు ఆ పట్టీలో ఎక్కడ పెట్టినా మార్కు ఇస్తాను, పక్కన ‘అంచనా’ అని రాస్తే ఇంకో అర మార్కు కలుపుతాను.