తరగతి ఫోటో ఇస్తే టీచరుకు కృతజ్ఞతా లేఖ రాసిపెట్టే యాప్: రెండు విద్యా సంవత్సరాల వాడకం తర్వాత

మా పిల్లలు చదివే చెన్నై బడిలో ఉపాధ్యాయ దినోత్సవం వచ్చినా, ఎవరైనా టీచరు బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా తల్లిదండ్రుల తరఫున నాలుగు మాటలు రాసే పని సాధారణంగా నాకే అప్పగిస్తారు. అందుకోసం తరగతి ఫోటోను ఎక్కించి, రెండు మూడు మాటల్లో సందర్భం చెబితే లేఖ తయారుచేసే కృత్రిమ మేధ యాప్ ఒకటి రెండు విద్యా సంవత్సరాలుగా వాడుతున్నాను. లేఖ క్షణాల్లో వస్తుంది, అక్షరదోషాలు అరుదు. అయితే అది ఆ టీచరుకే చెందిన లేఖ అవుతుందా, ఏ టీచరుకైనా సరిపోయే లేఖ అవుతుందా అన్నది ఫోటోను బట్టి కాక, మనం ఇచ్చే ఆ రెండు మూడు మాటలను బట్టే తేలుతుంది.

మా అబ్బాయి తెలుగు టీచరు గారి పదవీ విరమణకు రాయించిన లేఖనే తీసుకుంటాను. ఫోటోలో నాలుగు వరుసల పిల్లలు, ముందు పలక మీద తరగతి, సంవత్సరం, వెనుక వేపచెట్టు, మధ్య కుర్చీలో ప్రధానోపాధ్యాయురాలు, ఆమె పక్కన మా టీచరు గారు ఉన్నారు. ‘తెలుగు టీచర్, రిటైర్మెంట్’ అని మాత్రమే ఇచ్చినప్పుడు వచ్చిన లేఖలో మధ్యలో కూర్చున్నావిడే తెలుగు టీచరు అయిపోయి, ఆమె పట్టుచీర ప్రస్తావనకు వచ్చింది. వేపచెట్టు కనబడినందుకు ‘చెట్టు నీడలో మీరు చెప్పిన పాఠాలు’ అనే జ్ఞాపకం పుట్టుకొచ్చింది. ఆ చెట్టు కింద ఫోటోలు తప్ప పాఠాలు ఎన్నడూ జరగలేదు. నలభై ఒక్క మంది పిల్లలు ‘ముప్పై మంది’గా మారారు. పైగా పిల్లల ఫోటో కాబట్టి కాబోలు, లేఖ మొత్తం విద్యార్థి గొంతుతో ‘ప్రియమైన టీచర్’ అంటూ సాగింది. తల్లి రాసే లేఖలో ‘గౌరవనీయులైన టీచరు గారికి నమస్కారములు’ అని ఉండాలి.

రెండోసారి ఫోటో మార్చలేదు, మాటలే మార్చాను: ‘తల్లి రాస్తోంది, ఎడమ నుంచి రెండో కుర్చీలో ఉన్న టీచరు గారికి, బాబుకు కథ, కద తేడా నేర్పారు, పెదవుల ముందు కాగితం ముక్క.’ తమిళ లిపిలో త, థ, ద, ధలకు ఒకే అక్షరం ఉంటుంది కనుక, బడిలో తమిళం బాగా అలవాటైన పిల్లలు ‘కథ’ను ‘కద’ అని చదవడం ఇక్కడి తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిందే. టీచరు గారు కాగితం ముక్కను మా వాడి పెదవుల ముందు పట్టించి, ‘థ’ అన్నప్పుడు అది ఊపిరికి కదిలేదాకా పలికించేవారు. ఈసారి లేఖ ఆ కాగితం చుట్టూ అల్లుకుంది, వేపచెట్టు ఊసు రాలేదు. ‘మా జీవితాల్లో వెలుగు నింపిన’ వంటి అరిగిపోయిన వాక్యాలు రెండు మిగిలితే నేనే కొట్టేశాను.

అప్పటి నుంచి వచ్చిన లేఖను ఒకే ప్రశ్నతో పరీక్షిస్తున్నాను: ఈ వాక్యంలోని సంగతి ఫోటో చూసిన కొత్తవారెవరైనా రాయగలరా? రాయగలిగితే తీసేస్తాను, ఫోటోలో ఉన్నది టీచరుకు ముందే తెలుసు. ఫోటోలో లేనిదీ, నేను చెప్పనిదీ లేఖలో కనిపిస్తే అది కల్పితమే కనుక దాన్నీ ఉంచను.

మరి ఫోటో దేనికి పనికొస్తుందంటే, ప్రధానంగా పలక మీది తరగతి, సంవత్సరం చదవడానికి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చినది కుదించుకుపోయి ఉంటుంది కాబట్టి పలక మీది చిన్న అక్షరాలు తప్పుగా చదవబడతాయి. అదే ఫోటోను డాక్యుమెంటుగా పంపించుకుంటే సమస్య చాలావరకు తీరుతుంది. పిల్లల ముఖాలన్నీ కత్తిరించి, పలకా టీచరు గారూ ఉన్న భాగమే ఎక్కించి చూశాను, లేఖ నాణ్యత ఏమాత్రం తగ్గలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. యాప్ కంపెనీల సంగతి ఎలా ఉన్నా, నలభై ఇళ్ల పిల్లల ముఖాలను ఎవరినీ అడగకుండా ఎక్కించడం నాకు సమ్మతం కాదు. టీచరు గారి ముఖం కూడా అక్కరలేదు, ఆమెకు అభ్యంతరం ఉండవచ్చు అనిపిస్తే పలక ఒక్కటే చాలు.

నా మటుకు ఇది ఉత్తరానికి ఒరవడి ఇచ్చే సాధనంగా పనికొస్తోంది కాబట్టి వాడుతూనే ఉంటాను. టీచరు గురించి చెప్పడానికి ఒక్క సంఘటనైనా గుర్తులేనివారికి మాత్రం దీన్ని సిఫారసు చేయను. అలాంటివారు యాప్ తెరిచే ముందు పిల్లవాణ్ణి అడిగితే మంచిది.