ఆటోకరెక్ట్ ఉంచాలా, తీసేయాలా, సూచనలతో సరిపెట్టుకోవాలా: ఏది మేలు?

నాన్నకి కంటి ఆపరేషన్ అయిన రోజు బంధువుల గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. "ఆపరేషన్ బాగా జరిగింది. రెండు వారాలు కళ్లు జాగ్రత్త అన్నారు డాక్టరు" అని రాశాననుకున్నాను. పది నిమిషాల్లో బాబాయి ఫోన్. "అన్నయ్య ఎప్పటినుంచిరా కల్లు తాగుతున్నాడు? మాకెవరికీ చెప్పలేదేం?" అని గట్టిగానే అడిగాడు. తెరిచి చూస్తే నిజంగానే "కల్లు జాగ్రత్త" అని ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో kallu అని కొట్టాను. కీబోర్డుకి అది కళ్లూ కావచ్చు, కల్లూ కావచ్చు, కాళ్లూ కావచ్చు. స్పేస్ నొక్కగానే ముందున్న మాటను అతికించేసింది. ఆ మాట తెలుగులో ఉన్నదే కాబట్టి కింద ఎర్రగీత కూడా పడలేదు.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. మనం చేసే తప్పు తప్పులాగే కనిపిస్తుంది. కీబోర్డు దిద్దిన తప్పు మాత్రం మనం కావాలని రాసినట్టు కనిపిస్తుంది. "వస్తననను" అని పంపితే చదివేవాళ్లు వేలు జారిందని అర్థం చేసుకుంటారు, ఎవరూ నొచ్చుకోరు. అందుకే మూడు పద్ధతుల్లో ఏది మేలో తేల్చేటప్పుడు ఎన్ని తప్పులు పడతాయన్నది ఒక్కటే లెక్క కాదు, పడిన తప్పు బయటికి కనిపిస్తుందా లేదా అన్నది కూడా చూడాలి.

మొదటి పద్ధతి ఆటోకరెక్ట్‌ను అలాగే ఉంచుకోవడం, అంటే స్పేస్ నొక్కగానే మాటను కీబోర్డునే మార్చేయనివ్వడం. లోపల జరిగేది ఇది. వేలు తెర మీద ఎక్కడ తగిలిందో కీబోర్డు చూస్తుంది, పక్క అక్షరాలు కూడా అయ్యుండొచ్చని అనుకుంటుంది. తన నిఘంటువులో ఏ మాట ఎక్కువ వాడుకలో ఉందో, ముందు మాట పక్కన ఏది ఎక్కువగా వస్తుందో కలిపి చూస్తుంది. మనం కొట్టినదానికన్నా ఇంకో మాటకు బాగా ఎక్కువ మార్కులు వస్తే మార్చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఇంగ్లిష్ రాసేవాళ్లకి ఇది చాలాసార్లు మేలే చేస్తుంది. చిక్కంతా నిఘంటువులో లేని మాటల దగ్గర వస్తుంది: మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు. ఇంగ్లిష్ కీబోర్డు మీద nenu అని కొడితే, దాని లెక్కలో అలాంటి మాట లేదు. n పక్కనే m ఉంది, menu అనే మాట ఉంది. ఇక మారడానికి ఇంకేం కావాలి?

ఇది ఫోన్లతో పుట్టిన సమస్య కూడా కాదు. ఒకప్పటి కంప్యూటర్ స్పెల్‌చెక్‌లలో co-operation అని గీతతో ఉన్న మాట ఉండి, గీత లేని cooperation లేకపోవడంతో, దానికి బదులు కాలిఫోర్నియాలోని ఊరు Cupertino పేరు సూచించేవి. చూసుకోకుండా ఒప్పుకున్నవాళ్ల వల్ల ఆ ఊరి పేరు ఐరోపా యూనియన్, ఐక్యరాజ్యసమితి పత్రాల్లోకి కూడా వెళ్లింది. అది అసలైన మాట కావడంతో ఎవరి కంటా పడలేదు.

రెండో పద్ధతి అన్నీ తీసేయడం. తప్పులు పెరుగుతాయి, అవి అమాయకమైన తప్పులు. స్నేహితులతో మాటలకు సరిపోతుంది. ఉద్యోగం కోసం రాసే మెయిల్‌లో మాత్రం ఆ అమాయకత్వాన్ని అవతలివాళ్లు అజాగ్రత్త అనుకుంటారు.

నేను చివరికి స్థిరపడింది మూడో పద్ధతి దగ్గర: తానుగా మార్చడం ఆపేసి, పైన మాటల వరుసను మాత్రం ఉంచుకోవడం. జీబోర్డులో అయితే సెట్టింగ్స్‌లో Text correction లోకి వెళ్లి Auto-correction ఆపాలి, సూచనల వరుసను అలాగే వదలాలి. ఐఫోన్‌లో Settings, General, Keyboard లో Auto-Correction వేరుగా, ఊహించి చెప్పే సూచనలు వేరుగా ఉంటాయి. ఇప్పుడు మాట మారాలంటే నా వేలు దాన్ని నొక్కాలి. దీనికీ ఒక లోపం ఉంది. ఒకసారి తప్పుగా కొట్టిన మాటను కీబోర్డు నేర్చుకుని మళ్లీ మళ్లీ ముందుకు తెస్తుంది. జీబోర్డులో ఆ సూచనను నొక్కి పట్టి, కనిపించే చెత్తబుట్ట మీదకి లాగితే పోతుంది.

అయితే ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు లిపి రప్పించుకునేవాళ్లకి ఈ మూడో పద్ధతి కూడా పూర్తి రక్ష కాదు. అక్కడ మార్చడమే కీబోర్డు పని, దాన్ని ఆపలేం. అలాంటివాళ్లు నేరుగా తెలుగు అక్షరాలుండే కీబోర్డు నేర్చుకుంటే మేలని నా గట్టి నమ్మకం. ల, ళలను మనమే విడివిడిగా ఎంచుకుని కొడతాం కాబట్టి కల్లు, కళ్లు కలిసిపోవు. మొదట్లో వేగం బాగా తగ్గుతుందన్నది నిజమే.

ఇక దిద్దుకోవడం. కళ్లతో చదవడం మేలా, ఫోన్ చేత చదివించుకుని వినడం మేలా? రాసిన వెంటనే మన కన్ను తెర మీద ఉన్నదాన్ని కాక మనసులో ఉన్నదాన్ని చదువుతుంది. పైగా రాసే పెట్టెలో కొన్ని వరుసలే కనబడతాయి, మిగతావి పైకి జరిగిపోతాయి. ఆండ్రాయిడ్‌లో Select to Speak, ఐఫోన్‌లో Speak Selection అనే సదుపాయాలు ఎంచుకున్న మాటలను చదివి వినిపిస్తాయి. "పెళ్లికి రండి" బదులు "పిల్లికి రండి" అని ఉంటే చెవి ఠక్కున పట్టేస్తుంది. కానీ కల్లుకీ కళ్లుకీ తేడా ఆ యంత్రపు గొంతులో తేలిగ్గా జారిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగునైతే ఇంగ్లిష్ గొంతు ఇంగ్లిష్‌లా చదివి గందరగోళం చేస్తుంది.

కాబట్టి తెలుగు లిపిలో రాసిన పొడుగు మెసేజ్‌కి చెవి, చిన్నదానికి కన్ను. కన్నుతో చూసేటప్పుడు మొత్తం చదవడానికి బదులు నేను నాలుగింటి మీదే వేలు పెట్టి ఆగుతాను: పేర్లు, అంకెలు, ల-ళ ఉన్న మాటలు, క్రియ చివర. "రాను"కీ "రాదు"కీ ఒక్క అక్షరమే తేడా. ముఖ్యమైనదైతే వాట్సాప్‌లో ముందు నాకు నేనే పంపుకుంటాను. అవతలివాళ్లకు కనిపించే రూపంలోనే చూస్తే, రాసే పెట్టెలో దాక్కున్న తప్పు తరచుగా బయటపడుతుంది. ఆ తర్వాత కాపీ చేసి పంపుతాను.

అయినా తప్పు వెళ్లిపోతే వాట్సాప్‌లో 15 నిమిషాల వరకు దాన్ని సవరించవచ్చు. కానీ సవరించినందుకు కొత్తగా నోటిఫికేషన్ వెళ్లదు. అంతకుముందే చదివేసినవాళ్ల మనసులో పాత మాటే ఉండిపోతుంది. అందుకని బాబాయి ఫోన్ పెట్టేశాక నేను పాతదాన్ని సవరించి వదిలేయలేదు, గ్రూపులో కింద ఇంకో మెసేజ్ పెట్టాను: "కల్లు కాదు, కళ్లు. ఎండలోకి వెళ్తే నల్లద్దాలు పెట్టుకోమన్నారు."