క్వాలిటీ 95, 75, 50: జేపెగ్‌లో ఏది మేలు?

ఫొటోను జేపెగ్‌గా సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ 75 పెడితే నూటికి 75 వంతుల నాణ్యత మిగులుతుందని చాలామంది అనుకుంటారు. ఆ అంకె శాతం కాదు. లోపల ఉన్న ఒక 64 అంకెల పట్టికను ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చెప్పే మీట మాత్రమే. ఏ అంకె మేలో తేల్చుకోవాలంటే ముందు ఆ పట్టిక చేసే పని చూడాలి.

జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా కోస్తుంది. ఒక్కో గడిని 64 అలల కలయికగా మారుస్తుంది. మొదటి అల గడి సగటు వెలుగు, తర్వాతివి నెమ్మదిగా మారే వెలుగు, చివరివి సన్నని గీతలు, నూగు. ప్రతి అల విలువనూ పట్టికలో దానికి ఎదురుగా ఉన్న అంకెతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తుంది. తెరిచేటప్పుడు తిరిగి గుణిస్తుంది. సరిచేయడంలో పోయింది ఇక తిరిగి రాదు.

జేపెగ్ ప్రమాణంలో ఉదాహరణగా ఇచ్చిన వెలుగు పట్టికలో మొదటి అంకె 16, దాని కింద 12, చివరి మూలన 99. చాలా సాఫ్ట్‌వేర్‌లు వాడే libjpeg ఆ పట్టికను ఇలా సాగదీస్తుంది:

```
scale = q < 50 ? 5000 / q : 200 - 2 * q
step  = (base * scale + 50) / 100
```

ఇక్కడ q మనం పెట్టే క్వాలిటీ, base పట్టికలోని అసలు అంకె, step చివరికి భాగించే అంకె. భాగహారాల్లో శేషం వదిలేస్తుంది, అంకె 1 కన్నా తగ్గనివ్వదు. 50 దగ్గర పట్టిక ఉన్నదున్నట్టు ఉంటుంది, 75 దగ్గర సగమవుతుంది, 95 దగ్గర పదో వంతుకు దిగుతుంది. 100 పెట్టినా అన్నీ 1 అవుతాయంతే, సరిచేయడం అప్పుడూ ఆగదు.

ఇప్పుడు ఆకాశంలో ఒక గడి తీసుకుందాం. పై నుంచి కిందికి వెలుగు చాలా మెల్లగా, గడి మొత్తానికి 2 మెట్లు పెరుగుతోంది (నలుపు 0, తెలుపు 255 అనుకుంటే). ఆ వాలును మోసే అల విలువ సుమారు 4.5 వస్తుంది. దాన్ని భాగించేది పట్టికలోని ఆ 12.

95 దగ్గర ఆ 12 కాస్తా 1 అవుతుంది, వాలు దాదాపు చెక్కుచెదరదు. 75 దగ్గర 6. నాలుగున్నరను ఆరుతో భాగిస్తే 0.75, అది 1 అవుతుంది, తిరిగి గుణిస్తే 6. వాలు కాస్త ఎక్కువైనా బతికింది. 50 దగ్గర 12తో భాగిస్తే 0.38, అది సున్నా. వాలు పూర్తిగా చచ్చిపోయి గడి చదునైపోయింది. కింది గడి 2 మెట్లు ఎక్కువ వెలుగుతో మరో చదును. నునుపైన ఆకాశం ఇప్పుడు 8 పిక్సెళ్ల ఎత్తున్న పట్టీల మెట్లవరుస.

ఈ ఆకాశానికి హద్దు దాదాపు 60 దగ్గర ఉంది. అక్కడ భాగించే అంకె 10 అవుతుంది, దానిలో సగమైన 5ను మన 4.5 అందుకోలేదు. ఇంకా మెల్లగా మారే ఆకాశమైతే ఇంకా పై అంకెల్లోనే వాలు పోతుంది. అనుమానం ఉంటే ఆకాశాన్ని మూడు నాలుగు రెట్లు పెద్దది చేసి కాంట్రాస్ట్ పెంచి చూడండి. సరిగ్గా ప్రతి 8 పిక్సెళ్లకూ అంచు కనిపిస్తే పని చెడినట్టే.

అదే ఫొటోలో చెట్టు ఆకుల గడుల్లో 50 పెట్టినా మామూలుగా చూస్తే తేడా తెలియదు. అక్కడ అలల విలువలు పెద్దవి కాబట్టి చాలావరకు నిలుస్తాయి, వచ్చిన తప్పులు ఆకుల గందరగోళంలో కలిసిపోతాయి. అందుకే నేను ఎప్పుడూ అన్నిటికంటే నునుపైన చోటును చూసే అంకె ఎంచుకుంటాను.

తెల్లని కాగితం మీది నల్లని అక్షరాల దగ్గర లెక్క తారుమారవుతుంది. అక్షరం పదును చాలావరకు చివరి మూల వైపు అలల్లో ఉంటుంది. 75 దగ్గర ఆ మూల అంకె 50, అంటే ఆ అల విలువ 25 దాకా తప్పవచ్చు. ఆ తప్పు గడి అంతటా అలలుగా పరచుకుని, అక్షరం చుట్టూ బూడిదరంగు చుక్కలై తేలుతుంది. తెల్లని నేల దేన్నీ దాచదు. 95 దగ్గర ఆ అంకె 10, తప్పు 5కు మించదు, కంటికి ఆనడం కష్టం.

రంగు అక్షరాలకు మరో చిక్కు ఉంది. చాలా సాఫ్ట్‌వేర్‌లు రంగును అడ్డంగా, నిలువుగా సగానికి కుదించి ఉంచుతాయి, అందుకే నీలం మీది ఎర్ర అక్షరం అంచులు పాకినట్టు కనిపిస్తాయి. libjpegతో వచ్చే cjpeg ఆదేశం వాడితే `-sample 1x1` అని విడిగా చెప్పాలి, క్వాలిటీ పెంచినంత మాత్రాన అది ఆగదు.

మొత్తానికి, చూసి వదిలేసే ఫొటోకు 75 చాలు, వెడల్పైన ఆకాశం ఉంటే 85. మళ్లీ దిద్దాల్సిన ఫొటోకు 95, ఎందుకంటే వెలుగు పెంచిన ప్రతిసారీ దాగున్న మెట్లు పైకొస్తాయి. 50 నేను ఆకులూ రాళ్లూ నిండిన చిన్న బొమ్మలకే ఇస్తాను. అక్షరాల స్క్రీన్‌షాట్‌కు మాత్రం ఈ మూడూ వద్దు, పీఎన్‌జీగా సేవ్ చేయండి.