ఆరేళ్ల ఇంటి సామాను జాబితా: ఆ ఒక్క కాలమ్ మీద నా కోపం

నా జాబితాలో ‘బిల్లు ఎక్కడుంది’ అని ఒక కాలమ్ ఉంది. ఆరేళ్ల పాటు దాన్ని చూసుకుని తెగ మురిసిపోయాను. తీరా ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసినప్పుడు నన్ను ఎక్కువ ఏడిపించింది అదే.

మాది మామూలు స్ప్రెడ్‌షీట్. వస్తువు, ఏ గదిలో ఉంది, ఎప్పుడు కొన్నాం, ఎంతకు కొన్నాం, ఫొటో, బిల్లు. మొత్తం 143 వరసలు. మొదలుపెట్టినప్పుడు మా ఆయన, “దొంగకి పని తేలిక చేస్తున్నావా?” అని నవ్వారు. ఆ ఫైలూ ఫొటోలూ ఆన్‌లైన్‌లో ఒక కాపీ పెట్టడం మాత్రం ఆయన సలహాయే, అది ఒప్పుకోవాలి.

మేం నాలుగు రోజులు ఊళ్లో లేనప్పుడు పై ఇంటి పైపు పగిలి మా పడకగదిలోకీ, పక్కనే ఉన్న చిన్న గదిలోకీ నీళ్లు కారాయి. వచ్చి చూసేసరికి పరుపు దగ్గర్నుంచి ప్రింటర్ దాకా 17 వస్తువులు పాడయ్యాయి. అప్పుడు నాకు బాధ వేసింది కానీ టెన్షన్ వేయలేదు. జాబితా ఉందిగా! నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చేలోగా ఆ 17 వరసలూ విడిగా తీసి, పక్కన బిల్లులు పెడదామని కూర్చున్నాను.

ఎనిమిదింటికి బిల్లు ఫైళ్లు అక్కడే ఉన్నాయి, ఏ గొడవా లేదు. ఇంకో ఐదింటికి ఆ కాలమ్‌లో ‘నీలం ఫైలు’ అని రాసుకున్నాను. నీలం ఫైలు తడవలేదు, భద్రంగా ఉంది. తెరిస్తే ఐదు తెల్ల కాగితాలు కనిపించాయి. కౌంటర్ దగ్గర మిషన్ లోంచి వచ్చే నున్నటి బిల్లుల్లో సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది. వేడీ వెలుతురూ తగిలినకొద్దీ ఆ అచ్చు వెలిసిపోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా తొందరగా పోతుంది, ఎందుకంటే ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే రసాయనాలు కాగితానికి పట్టుకుని అచ్చును తినేస్తాయి. అంటే జాగ్రత్త అనుకుని నేను తొడిగిన కవర్లే వాటిని చెరిపేశాయన్నమాట. ఫొటో తీసి కాంట్రాస్ట్ పెంచి చూస్తే ఒకదాని మీద షాపు పేరు తేలింది, తేదీ తేలలేదు.

మిగిలిన నాలుగింటికి ‘మెయిల్‌లో ఉంది’ అని రాసి, ఆర్డర్ నంబర్ వేశాను. ఆ మెయిల్ నేను మూడేళ్ల కిందట మానేసిన ఆఫీసుది. ఆ మెయిల్ మూసేశారు. ఆన్‌లైన్‌లో కొనడానికి వాడిన అకౌంట్ కూడా ఆ మెయిల్‌తోనే తెరిచాను కాబట్టి లాగిన్ కూడా పోయింది. ఆర్డర్ నంబర్ అంకెతో సహా నా దగ్గరుంది, కానీ దానితో బిల్లు తెప్పించుకునే దారి లేదు.

ఇక్కడ నన్ను ఆదుకున్నది నేను లెక్కలోకే తీసుకోని కాలమ్. కొన్న ధరను పైసలతో సహా రాసే అలవాటు నాది. కొన్న తేదీ దగ్గర కార్డు స్టేట్‌మెంట్ తెరిచి సరిగ్గా ఆ మొత్తం కోసం వెతికితే, వెలిసిపోయిన ఐదింటిలో నాలుగు దొరికాయి. షాపు పేరు, తేదీ, మొత్తం అన్నీ స్టేట్‌మెంట్‌లోనే ఉన్నాయి. ఐదోది నైట్‌లాంప్. దానికి మాత్రం ఎందుకో ధర గుండ్రంగా రాసి పడేశాను. ఆ నెల స్టేట్‌మెంట్ రెండుసార్లు తిరగేసినా అది ఏ వరసో తేలలేదు, వదిలేశాను.

మెయిల్ బాపతు నాలుగింటిలో ప్రింటర్, డీహ్యుమిడిఫయర్ కూడా ఉన్నాయి. వాటి వెనక అంటించి ఉండే చిన్న ప్లేటుకి ఫొటో తీసి పెట్టాను. మోడల్, సీరియల్ నంబర్ అందులో స్పష్టంగా కనిపిస్తున్నాయి. నిజానికి రిపేరుకి ఫోన్ చేసేటప్పుడు పనికొస్తుందని తీశాను, క్లెయిమ్ కోసం కాదు. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఆ నంబర్ చెప్పగానే, వారంటీ నా పేరు మీద ఏ తేదీన నమోదైందో మెయిల్ పంపారు. సర్వేయర్ దాన్నే బిల్లుకి బదులుగా తీసుకున్నారు. మూడోది చిన్న అల్మారా. ఖాళీ గోడ ముందు తీసిన ఫొటో కాకుండా, మా గదిలో మా సామానుతో నిండి ఉన్న ఫొటో ఉండటంతో ఒప్పుకున్నారు. నాలుగోది స్పీకర్. దానికి ఉన్నది ఎవరికో పంపి మళ్లీ దాచుకున్న ఫొటో ఒక్కటే. మెసేజ్ యాప్‌లో పంపితే ఫొటో తీసిన తేదీ సమాచారం సాధారణంగా పోతుంది. “ఒరిజినల్ ఉందా అండీ?” అని అడిగారు. లేదు. దాన్ని లెక్కలోంచి కొట్టేశారు.

మొత్తానికి 17లో 15 నిలబడ్డాయి. ఇదంతా చదివి జాబితాను మెచ్చుకుంటున్నాననుకోకండి, ఇంకో దెబ్బ ఉంది.

పైన పొగిడిన ధర కాలమే ఇంకోచోట కొంప ముంచింది. పాలసీ తీసుకున్నప్పుడు ఆ కాలమ్ మొత్తం కూడి, అంతకే ఇన్సూరెన్స్ చేయించాను. నా పాలసీ పాత వస్తువుకి బదులు కొత్తది కొనుక్కునే ఖర్చు ఇచ్చే రకం. అలాంటప్పుడు ఇంట్లో సామానంతా ఇవాళ కొత్తగా కొంటే ఎంతవుతుందో అంతకి చేయించాలి, అప్పుడెప్పుడో కొన్న ధరకి కాదు. సర్వేయర్ లెక్కలో నేను 100 అనుకున్న సామాను విలువ ఇవాళ 125 అని తేలింది. అంటే నేను చేయించింది ఐదింట నాలుగు వంతులకే. పాడైన ప్రతి వస్తువుకీ కూడా ఐదింట నాలుగు వంతులే వచ్చింది. పరుపుకి వంద రావాల్సిన చోట ఎనభై. పాడైనవి రెండు గదుల్లోనే కదా, మొత్తం ఇంటి లెక్క ఎందుకని వాదించాను. ఆ నిబంధన పాలసీలో రాసే ఉంది, చదవనిది నేనే.

ఇప్పుడు ‘ఇవాళ్టి ధర’ అని ఇంకో కాలమ్ కలిపాను. పాలసీ రెన్యువల్‌కి ముందు పెద్ద వస్తువులు ఓ పాతికకి మాత్రం ధర చూసి మారుస్తాను, మిగతావాటికి ఓపిక లేదు. ‘బిల్లు ఎక్కడుంది’ కాలమ్ తీసేశాను. కొన్న రోజే బిల్లు ఫొటో తీసి, వరస నంబరే దాని పేరుగా పెట్టి, వస్తువు ఫొటో పక్కనే పడేస్తున్నాను.

మీరూ చేయాలా అంటే గట్టిగా చెప్పలేను. మా ఇంట్లో కార్డు మీద కొన్నవే ఎక్కువ కాబట్టి స్టేట్‌మెంట్ నన్ను గట్టెక్కించింది. నగదు ఇచ్చి కొనేవాళ్లకి ఆ దారి ఉండదు. పైగా మాకు పోయినవి రెండు గదులే, పాడైన వస్తువులు కళ్లెదుటే ఉన్నాయి. అగ్నిప్రమాదంలో బూడిద మిగిలితే ఇదే జాబితా ఎంతవరకు నిలబడేదో నాకు అనుభవం లేదు. ఇక పుస్తకాలూ బట్టలూ ఇప్పటికీ ఒక్కొక్కటిగా రాయను. అల్మారా తలుపులు తెరిచి ఒక్కో అరకి ఒక ఫొటో, పక్కన ఒక అంకె. పోయినసారి తడిసిన పుస్తకాలన్నిటినీ ఒకే వరసగా ఆ ఫొటోలోంచే లెక్కపెట్టుకున్నారు సర్వేయర్. నేను రాసిన దానికంటే మూడు ఎక్కువే వచ్చాయి.