చెక్‌సమ్ సరిపోయినా బోర్డు లేవనప్పుడు: ఇంటెల్ హెక్స్ ఫైలుపై దీర్ఘకాల వాడుకరి సమీక్ష

బెంగళూరు పీణ్యా పారిశ్రామిక వాడలో మోటారు కంట్రోలర్ బోర్డులు తయారు చేసే చోట ఫర్మ్‌వేర్ పని చూస్తూ, ఏళ్ల తరబడి నేను దాదాపు రోజూ ముట్టుకుంటున్న ఫైలు ఇంటెల్ హెక్స్. కంపైలర్ ఇచ్చిన ఫలితాన్ని చిప్‌లోని ఫ్లాష్ మెమరీ దాకా మోసుకెళ్లే ఈ టెక్స్ట్ ఫైలు దేనికి పూచీ పడుతుందో, దేనికి పడదో అనుభవంలో తేలిన మేరకు రాస్తున్నాను.

మా బోర్డుల్లో ఉండేది ఎస్‌టీఎం32 కుటుంబానికి చెందిన 128 కేబీ చిప్. దాని ఫ్లాష్ `0x08000000` దగ్గర మొదలవుతుంది. అలాంటి చిప్ కోసం తయారైన హెక్స్ ఫైలు మొదటి రెండు వరుసలు ఇలా ఉండవచ్చు (రెండో వరుసను ఇక్కడ కురచ చేశాను):

```
:020000040800F2
:0800000000500020310100084E
```

కోలన్ తర్వాత వచ్చే మొదటి బైటు ఆ వరుసలో ఎన్ని డేటా బైట్లున్నాయో చెబుతుంది. తర్వాతి రెండు బైట్లు అడ్రస్, ఆ తర్వాతిది రికార్డు రకం, చివరిది చెక్‌సమ్. రెండో వరుసలో ఎనిమిది డేటా బైట్లున్నాయి. వాటిలో మొదటి నాలుగింటిని వెనక నుంచి చదివితే స్టాక్ పాయింటర్ `0x20005000`, తర్వాతి నాలుగింటిని అలాగే చదివితే రీసెట్ తర్వాత ప్రోగ్రాం మొదలయ్యే చోటు `0x08000131` వస్తాయి. వరుసలోని అడ్రస్‌లో పెద్ద బైటు ముందుంటే, డేటాలో మాత్రం చిప్ అలవాటు ప్రకారం చిన్న బైటు ముందుంటుంది. కొత్తగా చేరినవారు తరచుగా తడబడేది ఇక్కడే.

చెక్‌సమ్ లెక్క కాగితం మీద వేసుకోగలిగినంత తేలిక. చివరి చెక్‌సమ్ మినహా కోలన్ తర్వాతి బైట్లన్నీ కూడి, మొత్తంలో చివరి బైటును మాత్రమే ఉంచుకుని, దాన్ని `0x100` నుంచి తీసేయాలి. పై రెండో వరుసలో కూడిక `B2`, కాబట్టి చెక్‌సమ్ `4E`. సీరియల్ తీగలో ఒక అక్షరం చెడినా, వరుస సగంలో తెగినా ఈ ఒక్క బైటు దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. అయితే కూడికకు వరుసక్రమంతో పని లేదు. పై వరుసలో `31 01` బదులు `01 31` పడితే రీసెట్ అడ్రస్ `0x08003101` అయిపోతుంది, చెక్‌సమ్ మాత్రం అదే `4E` ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, ఈ బైటు తన వరుసకే కాపలా కాస్తుంది. పక్క వరుస మాయమైనా, ఉన్న వరుసను, ఫైలును చిప్‌లోకి ఎక్కించే లోడర్ తప్పుగా అర్థం చేసుకున్నా దానికి తెలిసే దారి లేదు.

ఈ పరిమితి అసలు బరువు అడ్రస్ విషయంలో తెలుస్తుంది. డేటా వరుసలో అడ్రస్‌కు ఉన్నది రెండు బైట్లే కాబట్టి అది 64 కేబీ దాటి చెప్పలేదు. ఆ పైభాగాన్ని `04` రకం రికార్డు విడిగా మోస్తుంది. మొదటి వరుసలోని `0800` అదే. మళ్లీ మరో `04` వరుస వచ్చేదాకా కింద వచ్చే ప్రతి డేటా వరుసకూ ఆ పైభాగాన్ని తగిలించుకుని చదవాలి. అంటే ఏ డేటా వరుసనూ ఒంటరిగా చూసి అది ఫ్లాష్‌లో ఎక్కడికి వెళుతుందో చెప్పలేం.

మా ఉత్పత్తి లైనులో ప్రోగ్రామింగ్ ఫిక్స్చర్‌ను బయటి సరఫరాదారు ఒకరు తయారు చేసి ఇచ్చారు. అది ముందు, కరెంటు రాగానే మొదట నడిచే బూట్‌లోడర్‌ను ఎక్కించి సరిచూసుకుంటుంది, తర్వాత `0x08004000` నుంచి అసలు అప్లికేషన్‌ను ఎక్కిస్తుంది. చాలాకాలం ఏ ఇబ్బందీ లేదు. ఒక కొత్త విడుదల తర్వాత, లైను మీద పనిచేసే అనంతపురం కుర్రాడు వచ్చి, "సార్, స్క్రీన్ మీద పాస్ అనే చూపిస్తోంది, కరెంటు తీసి పెడితే మాత్రం బోర్డు లేవట్లేదు" అన్నాడు. సరఫరాదారు వైపు నుంచి వచ్చిన మొదటి సమాధానం, చెక్‌సమ్‌లన్నీ సరిపోయాయి కాబట్టి ఫైలు బాగానే ఉందని. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదు.

చచ్చిన బోర్డు ఫ్లాష్ మొత్తాన్ని వెనక్కి చదివి చూశాం.

```
st-flash read dump.bin 0x08000000 0x20000
```

మొదటి నాలుగు బైట్లు `00 50 00 20` ఉండాల్సిన చోట ఏదో పట్టిక మధ్య ముక్క కనిపించింది. `0x08010000` నుంచి చివరిదాకా అంతా `FF`, అంటే అక్కడ ఏమీ రాయలేదన్నమాట. ఈ రెండు గుర్తులూ కలిపి చూడగానే విషయం తేలిపోయింది. `0x08004000` నుంచి 64 కేబీ సరిహద్దు దాకా ఉన్న చోటు 49,152 బైట్లు. అప్లికేషన్ అంతకన్నా చిన్నగా ఉన్నంతకాలం ఫైలులో `04` వరుస ఒక్కటే ఉండేది. కొత్త విడుదల ఆ హద్దు దాటడంతో, మధ్యలో `:020000040801F1` అనే వరుస చేరింది. ఫిక్స్చర్ సాఫ్ట్‌వేర్ `0800` అనే పైభాగాన్ని తనలో శాశ్వతంగా పెట్టుకుని, `04` వరుసల చెక్‌సమ్ మాత్రం చూసి వదిలేస్తోంది. దాంతో హద్దు దాటిన డేటా `0x08000000` దగ్గరికి వెళ్లి, అక్కడి పేజీలను చెరిపి, బూట్‌లోడర్ మీద పడింది.

మరి సరిచూసే దశ ఎందుకు పట్టలేదు? ఆ దశ కూడా అదే లోడర్ లెక్కగట్టిన అడ్రస్‌ల నుంచే వెనక్కి చదువుతుంది. తప్పు చోట రాసి, అదే తప్పు చోట చదివితే రెండూ సరిపోతాయి. బూట్‌లోడర్‌ను సరిచూడడం అప్పటికే ముగిసిపోయింది కాబట్టి అటు మళ్లీ ఎవరూ చూడలేదు. అందుకే ఎక్కించిన సాధనంతోనే సరిచూడడాన్ని నేను సాక్ష్యంగా ఒప్పుకోను. వేరే సాధనంతో మొత్తం ఫ్లాష్ చదివి పోల్చాలి. లేదంటే అప్లికేషన్ మొత్తానికి లెక్కగట్టిన సీఆర్‌సీ32ను దాని చివర ఉంచి, బూట్‌లోడర్ ప్రతిసారీ సరిచూసేలా పెట్టాలి. ఇప్పుడు మా దగ్గర రెండూ ఉన్నాయి.

ఇంత జరిగినా ఉత్త బైనరీ ఫైలుకు మారాలని నాకు అనిపించలేదు. బైనరీలో అడ్రసే ఉండదు. ఎక్కడ ఎక్కించాలో మనిషి చెప్పాలి, రాత్రి షిఫ్టులో ఆ అంకె తప్పు పడే అవకాశం ఎక్కువ. పైగా ఫ్లాష్ చివరి పేజీలో కాలిబ్రేషన్ విలువలు కొన్ని ఉంటే హెక్స్‌లో రెండు వరుసలతో సరిపోతుంది, బైనరీలో మధ్య ఖాళీ అంతా నింపుకుంటూ పోవాలి. రెండు హెక్స్ ఫైళ్లను కలిపేటప్పుడు మాత్రం ఒకదాని కింద ఒకటి అతికించకూడదు. మొదటి ఫైలు చివరి `:00000001FF` దగ్గరే లోడర్ ఆగిపోతుంది. `srec_cat` లాంటి సాధనంతో కలిపితే, రెండు ఫైళ్లు ఒకే చోట వేర్వేరు విలువలు రాయబోయినప్పుడు అది తప్పు చూపిస్తుంది.

కొత్త లోడర్ ఏది వచ్చినా, కొనేముందే ఖాళీ చిప్ మీద ఈ చిన్న ఫైలును ఎక్కించి చూస్తున్నాను:

```
:020000040800F2
:04FFFC001122334457
:020000040801F1
:040000005566778842
:00000001FF
```

వేరే సాధనంతో చదివినప్పుడు `0x0800FFFC` దగ్గర `11 22 33 44`, ఆ వెంటనే `0x08010000` దగ్గర `55 66 77 88` కనిపించాలి. `55` గనక `0x08000000` దగ్గర కనిపిస్తే ఆ లోడర్‌ను అమ్మినవారికే తిప్పి పంపేస్తాను.