బార్‌కోడ్ చివరి అంకె: పాత పుస్తకాల పద్ధతి మేలా, ఇప్పటి పద్ధతి మేలా?

పుస్తకం వెనక అట్ట మీద బార్‌కోడ్ కింద 13 అంకెలుంటాయి. అందులో మొదటి 12 అంకెలే పుస్తకాన్ని గుర్తించేవి. పదమూడోది వాటి మీద లెక్క కట్టి తీసిన కాపలా అంకె, చెక్ డిజిట్. సబ్బుకైనా బిస్కెట్ ప్యాకెట్‌కైనా ఇదే ఏర్పాటు. పుస్తకాల్లో మాత్రం ఒక విశేషం ఉంది. 2007 జనవరి 1కి ముందు పుస్తకాలకు 10 అంకెల ఐఎస్‌బీఎన్ ఉండేది, దాని చెక్ డిజిట్ లెక్క పూర్తిగా వేరు. పాత పుస్తకాలు కొన్నింటి మీద రెండు నంబర్లూ ముద్రించి ఉంటాయి. ఒకే పుస్తకం, ఇద్దరు కాపలాదారులు. వీళ్లలో తప్పును పట్టడంలో ఎవరు గట్టి?

లెక్క చూపడానికి నేను కూర్చిన ఒక నంబర్ తీసుకుందాం.

```
13 అంకెలు: 978817250163 1
10 అంకెలు:    817250163 3
```

ముందు 13 అంకెల పద్ధతి. ఎడమ నుంచి ఒక అంకెను ఒకటితో, తర్వాతి దాన్ని మూడుతో, ఇలా మార్చి మార్చి గుణించి కూడాలి. ఒకటితో గుణించేవి 9, 8, 1, 2, 0, 6, మొత్తం 26. మూడుతో గుణించేవి 7, 8, 7, 5, 1, 3, కలిపితే 31, మూడు రెట్లు 93. రెండూ కలిపి 119. దీన్ని తర్వాతి పదుల సంఖ్య 120కి చేర్చడానికి 1 కావాలి. అదే చివరి అంకె.

టైపు చేసేవాళ్లు 5 బదులు 6 కొట్టారనుకోండి. ఆ 5 మూడుతో గుణించే చోటిది కాబట్టి మొత్తం 122 అవుతుంది. అప్పుడు చివర 8 ఉండాలి, కానీ 1 ఉంది. కంప్యూటర్ వెంటనే ఒప్పుకోదు. ఒక్క అంకె తప్పితే ఈ పద్ధతి ఎప్పుడూ పట్టేస్తుంది. మూడుతో గుణించినా ఇది చెడదు. 1 నుంచి 9 దాకా దేన్ని మూడుతో గుణించినా చివర సున్నా రాదు, కాబట్టి తేడా దాక్కోలేదు. మూడు బదులు రెండు పెట్టి ఉంటే 0 బదులు 5 కొట్టినప్పుడు తేడా సరిగ్గా 10 వచ్చి, తప్పు కనబడకుండా జారిపోయేది.

అయితే చేత్తో కొట్టేటప్పుడు అంకె మారడమే కాదు, పక్కపక్క అంకెలు తారుమారవడం కూడా మామూలే. మన నంబర్లో 63ని 36గా కొడితే మొత్తం 125 అవుతుంది, చివర 5 ఉండాలి. దొరికింది. కానీ దాని ముందున్న 16ని 61గా కొట్టి చూడండి. ఒకటితో గుణించేవి 21కి తగ్గుతాయి, మూడుతో గుణించేవి 36కి పెరిగి 108 అవుతాయి. మొత్తం 129. చివర కావలసింది మళ్లీ 1! నంబర్ తప్పు, లెక్క ఒప్పు. బిల్లింగ్ స్క్రీన్ మీద ఏ ఎర్ర గీతా రాదు.

పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తంలో వచ్చే మార్పు వాటి తేడాకు రెట్టింపు. తేడా 5 అయితే మార్పు 10, అంటే లెక్కకు ఏమీ మారనట్టే. కాబట్టి 0-5, 1-6, 2-7, 3-8, 4-9 జంటలు ఈ కాపలాకు కనబడవు. వేర్వేరు అంకెల జంటలు 45, అందులో ఇవి 5. అంటే తొమ్మిదింట ఒకటి తప్పించుకుంటుంది. ఇంకో లోపం కూడా ఉంది, నా దృష్టిలో ఇది అంతకంటే పెద్దది. మధ్యలో ఒక అంకె వదిలి అటూ ఇటూ ఉన్నవి తారుమారైతే, అంటే 501 బదులు 105 కొడితే, ఈ పద్ధతి అసలు పట్టలేదు. రెండు చోట్లా గుణించేది ఒకే సంఖ్యతో కదా.

ఇప్పుడు అవే తప్పులు 10 అంకెల నంబర్ మీద. ఇక్కడ ఒక్కో చోటుకు ఒక్కో బరువు: ఎడమ నుంచి 10, 9, 8, అలా దిగుతూ 2 దాకా. 817250163ని అలా గుణించి కూడితే 217. దీన్ని 11తో సరిగ్గా భాగించగలిగేలా చేయడానికి 3 కావాలి, 220. అందుకే చివర 3. ఇందులో 16ని 61 చేస్తే మొత్తం 222, కావలసిన అంకె 9. దొరికింది. 501ని 105 చేస్తే మొత్తం 209. అది ఇప్పటికే 11తో భాగించబడుతుంది కాబట్టి చివర 0 ఉండాలి, 3 కాదు. ఇదీ దొరికింది. 11 ప్రధాన సంఖ్య, బరువులన్నీ వేర్వేరు. అందుకే ఏ ఒక్క అంకె మారినా, ఏ రెండు వేర్వేరు అంకెలు ఎంత దూరంలో ఉండి తారుమారైనా, ఈ పద్ధతి తప్పకుండా పడుతుంది.

మరి ఇంత గట్టిదాన్ని ఎందుకు వదిలేశారు? ఒక కారణం దాని లెక్కలోనే ఉంది. 11తో భాగిస్తే కొన్నిసార్లు చివర 10 కావలసి వస్తుంది, కానీ ఒక చోట రెండంకెలు పట్టవు. అప్పుడు X అని రాసేవారు. అంకెలు మాత్రమే గీసే ఆ బార్‌కోడ్‌లో X ఇమడదు. దానికి తోడు నంబర్లు చాలకుండా వచ్చాయి, పుస్తకం కూడా మిగతా సరుకుల్లాగే ఒకే స్కానర్ ముందు నిలబడాల్సి వచ్చింది. అలా పుస్తకాలు 13 అంకెల్లోకి మారాయి.

స్కానర్ ముందు ఈ మార్పుతో పెద్ద నష్టం లేదు. స్కానర్ అంకెలను తారుమారు చేయదు. అట్ట నలిగో, ముద్రణ చెదిరో ఒక గీతను తప్పుగా చదవొచ్చు, అది ఒక్క అంకె తప్పు, దాన్ని 13 అంకెల పద్ధతి వదలదు. చిక్కంతా అట్ట చిరిగి, నంబర్‌ను చేత్తో కొట్టాల్సి వచ్చినప్పుడే.

అంకె ఎగిరిపోవడం, ఎక్కువ కావడం వేరే సంగతి. 978 తర్వాత 817 రావడంతో రెండు 8లు పక్కపక్కన పడ్డాయి. చూసి కొట్టేవాళ్లు ఒక 8 వదిలేయడం చాలా సులువు. అప్పుడు మిగిలేవి 12 అంకెలే. పొడవు చూసే సాఫ్ట్‌వేర్ అక్కడే ఆపుతుంది. కానీ అమెరికా సరుకులకు 12 అంకెల బార్‌కోడ్ ఉంటుంది కాబట్టి చాలా ప్రోగ్రాములు 12 అంకెలు కనబడితే ముందు ఒక సున్నా చేర్చి ముందుకు పోతాయి. మన నంబర్లో అలా చేస్తే మొత్తం 115, చివర 5 ఉండాలి, ఉన్నది 1. కాబట్టి ఇక్కడ చెక్ డిజిట్ ఆదుకుంది. ఇలాంటి జరుగుళ్లలో మాత్రం గ్యారంటీ లేదు. అంకెలు కొన్ని ఒక చోటు జరిగాక చివరి అంకె సరిపోవడం అదృష్టం మీద, దాదాపు పదింట ఒక వంతు అవకాశం మీద, ఆధారపడుతుంది. అందుకే పొడవు తనిఖీని చెక్ డిజిట్‌కు వదిలేయకుండా విడిగా పెట్టాలి.

X లేకుండా, అంకెలతోనే, పక్కపక్క తారుమార్లన్నీ పట్టే పద్ధతి కూడా ఉంది. 1969లో డచ్ గణితజ్ఞుడు వెర్హోఫ్ ప్రచురించాడు. మన ఆధార్ నంబర్ చివరి అంకె ఆ లెక్కదే. మామూలు కూడికలో 1కి 6 కలిపినా, 6కి 1 కలిపినా ఒకటే. అతను వాడిన పట్టికలో చాలా చోట్ల వరుస మారితే జవాబు మారుతుంది, అందుకే 16, 61 కలిసిపోవు. పట్టికలు లేకుండా దీన్ని కాగితం మీద వేయడం కష్టం, ప్రోగ్రాముకు మాత్రం అదేం భారం కాదు.

కాబట్టి ఏది మేలంటే, కౌంటర్ దగ్గర స్కాన్ చేసే సరుక్కి ఇప్పటి 13 అంకెల పద్ధతి చాలు. మనుషులు చూసి కొట్టే, ఫోన్లో చెప్పే నంబర్లను కొత్తగా తయారు చేసేవాళ్లు వెర్హోఫ్ పద్ధతినే పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇక పాత పుస్తకాలను లైబ్రరీలోకో దుకాణంలోకో చేత్తో ఎక్కించేవాళ్లు, రెండు నంబర్లూ ఉంటే 10 అంకెలదే కొట్టి, 13 అంకెలది సాఫ్ట్‌వేర్‌తో తీయించుకోవాలి. 13 అంకెలది ఒక్కటే ఉంటే, తెర మీద పుస్తకం పేరు సరిపోయిందో లేదో చూశాకే సేవ్ చేయండి. పేరు వేరేది వస్తే ముందుగా తేడా 5 ఉన్న జంటలను, తర్వాత ఒకటి వదిలి ఒకటి ఉన్న అంకెలను పోల్చి చూడండి.