పెరుగు బటన్‌తో మూడు చలికాలాలు, మూడు వేసవులు

ఎలక్ట్రిక్ కుక్కర్ కొన్నది అన్నం కోసమో బిర్యానీ కోసమో కాదు, దాని మీద ఉన్న ఒకే ఒక్క బటన్ కోసం. అది పెరుగు బటన్. కంపెనీ పేరు చెప్పను. ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు అన్న సంగతులు అట్టపెట్టె మీదే ఉంటాయి, అవీ వదిలేస్తున్నాను. మూడేళ్ళ తర్వాత ఆ బటన్ మీద నాకు ఎంత ప్రేమ ఉందో అంత కోపమూ ఉంది. కోపమంతా దోసెల పిండి వల్ల వచ్చిందే.

మాది హైదరాబాద్ శివార్లలో ఉత్తరం వైపు వంటిల్లు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ 18, 19 డిగ్రీలు ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో పెరుగు తోడు పెట్టే పని నేనే నెత్తిన వేసుకున్నాను. విజయవాడలో అమ్మ ఎలా చేసేదో అలాగే, పాలు కాచి, వేలు పెడితే కాలనంత గోరువెచ్చగా అయ్యాక అర లీటరుకి చెంచా తోడు వేసి మూత పెట్టేవాణ్ణి. జనవరిలో పొద్దున్నే చూస్తే పాలు పాలలాగే ఉండేవి. మధ్యాహ్నానికి తోడుకునేది కానీ గరిటెతో తీస్తే తీగలు సాగేది. అమ్మకి ఫోన్ చేస్తే "ఏరా, రాతి గట్టు మీద పెట్టావా? కింద పీట వేసి, బియ్యం డబ్బాలో పెట్టు" అంది. ఆ మాట విని ఉంటే ఈ కుక్కర్ ఖర్చు తప్పేదేమో!

మొదటి నెల మాత్రం ఆ బటన్ అద్భుతమే అనిపించింది. కాచి చల్లార్చిన పాలలో తోడు కలిపి, మూత పెట్టి, బటన్ నొక్కి పడుకుంటే ఆరు గంటల్లో గడ్డ పెరుగు. గిన్నె వంచినా జారదు. బయట ఎంత చలి ఉన్నా దానికి పట్టదు. ఎందుకు కుదిరిందో తర్వాత మూడు వందల రూపాయలు పెట్టి, వైరు చివర పుల్ల ఉండే థర్మామీటర్ కొన్నాక తెలిసింది. పాలని అది 41, 42 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతోంది. పెరుగులోని బాక్టీరియాలో వేడిని ఇష్టపడే రకాలకి 40 నుంచి 45 డిగ్రీలు మహా ఇష్టం. అవి చకచకా పులుపు పుట్టిస్తాయి, ఆ పులుపుకి పాలలోని ప్రోటీన్ గడ్డ కడుతుంది. చలిలో పెట్టినప్పుడు జరిగింది వేరు. 42 దగ్గర తోడు వేసిన అర లీటరు పాలు మా గట్టు మీద మూడు గంటల్లో 28కి దిగిపోయాయి. అక్కడ ఆ రకాలు మందగిస్తాయి, చల్లదనాన్ని తట్టుకునే రకాలు పైచేయి అవుతాయి. తీగలు సాగే జిగురు అలాంటప్పుడే ఎక్కువ కనబడుతుంది.

సరే, అసలు కథ. రెండో నెలలో సంక్రాంతికి మా ఆవిడ పుట్టింటి వాళ్ళు వస్తున్నారు. పొద్దున్నే ఆరుగురికి దోసెలు. చలికి పిండి పొంగదని నాకు టెన్షన్. పాలని ఆరు గంటల్లో పెరుగు చేసేది పిండిని పులియబెట్టలేదా అనుకున్నాను. గ్లాసు మినప్పప్పు, మూడు గ్లాసుల బియ్యం, అర చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు వేసి రుబ్బిన పిండిని నేరుగా కుక్కర్ గిన్నెలోనే పోసి, రాత్రి పదింటికి పెరుగు బటన్ నొక్కి పడుకున్నాను.

ఆరింటికి వంటింట్లోకి వెళ్తే ముందు వాసన పలకరించింది. పిండి పొంగి మూతని తాకి, ఆవిరి కన్నంలోకి దూరి, గట్టు మీదకి కారి ఎండిపోయింది. పొంగిందిలే అని సంతోషిస్తూ మూత తీశాను. పైన నురగ నురగగా ఉంది. గరిటె దించితే అడుగున బుడగన్నదే లేదు, చిక్కగా ముద్దలా పట్టేసి ఉంది. కలిపేసరికి పొంగంతా దిగిపోయింది. నాలుక మీద పెడితే నిమ్మకాయ పిండినంత పులుపు. పెనం మీద వేశాను. ఎంతసేపు కాల్చినా దోసె తెల్లగానే ఉంది, ఎర్రబడలేదు, కరకరలాడలేదు. బాగా పులిసిన పిండిలో బాక్టీరియా చక్కెరలన్నీ తినేసి ఉంటుంది, పైగా పులుపు ఎక్కువైతే రంగు రావడం ఇంకా ఆలస్యం అవుతుంది. మామగారు ఏమీ అనలేదు, రెండోది వేయించుకోలేదు. ఆ రోజు ఉప్మాతో గడిచింది.

అప్పుడే ఆ థర్మామీటర్ కొన్నాను. వారం తర్వాత కొంచెం పిండితో మళ్ళీ అలాగే పెట్టి, రెండు గంటలకి పుల్ల గుచ్చి చూశాను. మధ్యలో 37, అడుగున 48. పాలు పలచన కాబట్టి అడుగున వేడెక్కినవి పైకి లేచి, చల్లటివి కిందకి దిగి, గిన్నె అంతా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది. పిండి చిక్కన. కదలదు. కింద హీటరు తీగ వేడెక్కినప్పుడల్లా అడుగు పొర ఉడుకుతుంది, పైది ఉడకదు.

రెండో తప్పు దానికంటే పెద్దది. పెరుగుకి కావలసిన వేడి పిండికి అక్కర్లేదు. పిండిని పొంగించే గాలిని పుట్టించేది లూకనాస్టాక్ అనే బాక్టీరియా. అది మినప్పప్పుతో పాటే వస్తుంది, మనం తోడు వేయనక్కర్లేదు. దానికి హాయిగా ఉండేది 30 డిగ్రీల లోపు. 40కి చేరేసరికి అది చతికిలబడుతుంది, వేడిని తట్టుకునే రకాలు పులుపు మాత్రం దండిగా పుట్టిస్తాయి. అంటే పిండి పొంగడం, పిండి పులవడం ఒకటి కాదు. 27 నుంచి 32 మధ్య రెండూ కలిసి నడుస్తాయి. దాని పైన పులుపు ముందు పరిగెడుతుంది, పొంగు వెనకబడుతుంది. 20 దగ్గర రెండూ నిద్రపోతాయి.

మరి అమ్మ వంటింట్లో ఒకే గదిలో, ఒకే మూలన రెండూ ఎలా కుదిరేవి? ఆ థర్మామీటర్‌ని మరో సెలవులకి విజయవాడ తీసుకెళ్ళి చూశాను. ఆ రాత్రి గది 29 డిగ్రీలు. పాలు 42 దగ్గర మొదలై మూడు గంటల తర్వాత కూడా 34 దగ్గర ఉన్నాయి. ఆ మూడు గంటల్లోనే పని ఊపందుకుంటుంది, తర్వాత చల్లబడుతూ నెమ్మదిగా తోడుకుంటాయి. పిండి మాత్రం గది వేడి దగ్గరే మొదలై అక్కడే ఉంటుంది. అందుకే గది 28, 30 ఉంటే పెరుగు ఏడెనిమిది గంటలకి, పిండి ఎనిమిది పది గంటలకి, రెండూ పొద్దున్నకి సిద్ధం. నన్నడిగితే గదికి ఇదే సరైన వేడి. పెరుగుకి 42 మంచిదని గదిని 42 చేయనక్కర్లేదు, పాలని చేస్తే చాలు.

ఇప్పుడు చలికాలంలో ఇలా చేస్తున్నాను. కుక్కర్ గిన్నెలో నాలుగు గ్లాసుల నీళ్ళు, స్టాండు, దాని మీద సగం మాత్రమే నింపిన స్టీలు గిన్నెలో పిండి. పెరుగు బటన్ అరగంట నొక్కి, ఆపేసి, మూత పెట్టి వదిలేస్తాను. మొన్న జనవరిలో రుబ్బేసరికి 24 ఉన్న పిండి గంటకి 30కి చేరింది, పొద్దున్న ఆరుకి 26 ఉంది. పది గంటల్లో రెట్టింపు అయింది. గరిటె దించితే లోపల తేనెపట్టులా బొరియలు, వాసన కమ్మగా. దోసె ఎర్రగా వచ్చింది. ఆ అరగంటని గంట చేస్తే మళ్ళీ పులుపే, అలారం పెట్టుకోవాలి. వేడిని కావలసినంతకి తగ్గించుకునే ఏర్పాటు నా కుక్కర్‌లో లేదు, అదే నా ఫిర్యాదు. కొనేవాళ్ళు ఆ ఒక్కటీ చూసుకోండి.

వేసవిలో ఆ బటన్ మూల పడి ఉంటుంది. మే నెలలో మా వంటిల్లు పగలు 36 దాటుతుంది. పాలు 35కి చల్లార్చి, అర లీటరుకి అర చెంచా తోడు వేస్తే నాలుగైదు గంటల్లో పేరుకుంటుంది. పేరుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకపోతే సాయంత్రానికి పైన తేట తేలి పుల్లగా అవుతుంది. పిండి ఇంకా కష్టం. మిక్సీలో రుబ్బితే అదే వేడెక్కి, ఒకసారి చూస్తే 39 ఉంది. అంటే పులియడం మొదలవకముందే హద్దు దాటేసింది. ఫ్రిజ్ నీళ్ళతో, ఆపి ఆపి రుబ్బితే 30 దగ్గర దిగుతోంది. సాయంత్రం ఏడింటికి రుబ్బి, పదకొండున్నరకి పొంగు మొదలవగానే ఫ్రిజ్‌లో పెట్టి పడుకుంటున్నాను. రాత్రంతా బయట వదిలితే మే నెల కూడా నాకు సంక్రాంతి దోసెలే పెడుతుంది.

మొదటి నెల పొగడ్తల్లో కూడా కొంత కోత పెట్టాలి. ఆరు గంటలకి పెరుగు బాగుంటుంది. నిద్రపోయి తొమ్మిది గంటలు వదిలేస్తే 42 దగ్గర అది పుల్లబడుతూనే పోతుంది, అంచుల్లో నీరు వదులుతుంది. గడ్డగా ఉంటుంది కానీ అమ్మ పెరుగులోని కమ్మదనం రాదు. ఈ మధ్య ఐదు గంటలకే ఆపి, గట్టు మీద వదిలేస్తున్నాను. కొంచెం దగ్గరకి వచ్చింది. మూతలోని రబ్బరు రింగు సంగతి ఇంకోటి. సాంబారు చేసిన మర్నాడు పెరుగుకి ఇంగువ వాసన. పెరుగుకి వేరే రింగు కొనుక్కోవలసి వచ్చింది.

కొనమంటానా? మా ఇల్లు ఉత్తరం వైపు, రాతి గట్టు, ముగ్గురమే, చలి రెండున్నర నెలలు. నాకు పెరుగు వరకు పనికొచ్చింది. విజయవాడలోనో కాకినాడలోనో ఉంటే కొనేవాణ్ణి కాదు, మూడు వందల థర్మామీటర్ ఒక్కటీ కొనేవాణ్ణి. హీటరు 20 దగ్గర పెట్టుకుని ఏడాదిలో సగం చలిలో గడిపే అమెరికాలోని మా చెల్లెలికి మాత్రం కొనమనే చెప్పాను, వేడి తగ్గించుకునే రకమైతేనే. తను ఇంకా అవెన్‌లో లైటు వేసే పిండి పెడుతోంది, పుల్ల గుచ్చి చూడమంటే 31 అంది. ఇక నేనేం చెప్పను?